పీడీఎఫ్ చక్కగానే తెరుచుకుంటోంది, చెక్‌సమ్ మాత్రం కలవడం లేదు

అచ్చుగది · తిరుపతి · సోమవారం, సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. తిరుపతి గాంధీరోడ్డు పక్క సందులో మాకు చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. చిత్తూరులోని ఒక సాహిత్య సంస్థ వారు తమ ప్రత్యేక సంచికను అచ్చుకు ఇచ్చారు. ఫైలు పెద్దది కావడంతో మెయిలులో పంపకుండా తమ సైటులో ఉంచి, లింకు కింద ఎస్‌హెచ్‌ఏ-256 అని రాసి ఫైలులోని బైట్ల నుంచి లెక్కించి తీసిన చెక్‌సమ్ అనే ఒక పొడవాటి అక్షరాల వరుసను కూడా పెట్టారు. ఇంతకుముందు వేరొక చోట అచ్చు వేయించినప్పుడు మధ్యలో కొన్ని బొమ్మలు ఎగిరిపోయి తెల్ల పేజీలు వచ్చాయట. అందువల్ల ఈసారి ప్లేట్లు వేయకముందే ఆ వరుసతో సరిచూసుకోవాలని గట్టిగా చెప్పారు.

నేను విండోస్ 10లో కింది ఆదేశం ఇచ్చాను.

```
certutil -hashfile D:\pani\sanchika.pdf
```

వచ్చిన వరుసలో 40 అక్షరాలు ఉన్నాయి, వాళ్ళు ప్రచురించిన దానిలో 64 ఉన్నాయి, రెండింటికీ ఎక్కడా పొంతన లేదు. దానికి తోడు వాళ్ళ సైటులో 48.2 ఎంబీ అని ఉంటే నా దగ్గర 45.9 ఎంబీ అని చూపుతోంది. ఫైలు మాత్రం చక్కగా తెరుచుకుంటోంది. మొత్తం 240 పేజీలూ ఉన్నాయి, ఒత్తులూ సున్నాలూ చెదరలేదు. పదిహేను ఫారాలు, ముప్పై ప్లేట్లు. బుధవారం ఉదయానికి ప్లేట్లు సిద్ధం కావాలి. ఆగాలా, వేసేయవచ్చా?

పలమనేరు మాస్టారు · పలమనేరు · సోమవారం, సాయంత్రం 6:45

ఫైలు తెరుచుకుని, పేజీలన్నీ కనిపిస్తున్నప్పుడు చెడిపోయిందని అనుకోవడానికి ఆస్కారం లేదు. పీడీఎఫ్‌లో ఒక్క బైటు తేడా వచ్చినా అది తెరుచుకోదని విన్నాను. మీ ఎంబీల తేడా కూడా చెడిపోవడం కాదు. వెయ్యి బైట్లను ఒక కేబీగా లెక్కించేవారు కొందరు, 1024 బైట్లను లెక్కించేవారు కొందరు. 45.9ని 1024తో రెండుసార్లు గుణించి చూడండి, 48.1 మిలియన్ల పైచిలుకు వస్తుంది. లెక్కల మాస్టారుగా ఇంతవరకు హామీ ఇవ్వగలను.

బైట్లలెక్క · చిత్తూరు · సోమవారం, రాత్రి 8:20

మాస్టారు గారు ఎంబీల గురించి చెప్పింది అక్షరాలా నిజం. తెరుచుకుంటే మంచిదే అన్న మాట మాత్రం నిజం కాదు, దాని గురించి తరువాత రాస్తాను.

ముందు 40 అక్షరాల సంగతి. మీరు ఏ పద్ధతిలో లెక్కించాలో ఆదేశంలో చెప్పలేదు. అలా వదిలేస్తే విండోస్ 10లోని ఆ పరికరం ఎస్‌హెచ్‌ఏ-1ను ఎంచుకుంటుంది, దాని ఫలితం ఎప్పుడూ 40 అక్షరాలే. ఎస్‌హెచ్‌ఏ-256 ఫలితం 64 అక్షరాలు, పాత ఎండీ5 ఫలితం 32. కనుక పొడవు కలవలేదంటే ఫైలును అనుమానించకముందే పద్ధతిని అనుమానించాలి. ఇలా ఇవ్వండి.

```
certutil -hashfile D:\pani\sanchika.pdf SHA256
```

64 అక్షరాలను కంటితో పోల్చడం కన్నా, పవర్‌షెల్‌లో సైటులోని వరుసను కొటేషన్ల మధ్య అతికించి యంత్రం చేతనే పోల్పించడం మేలు. కలిస్తే `True` అని, కలవకపోతే `False` అని వస్తుంది. పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను అది పట్టించుకోదు కాబట్టి ఆ దిగులు వద్దు.

```
(Get-FileHash D:\pani\sanchika.pdf).Hash -eq "ఇక్కడ సైటులోని వరుస"
```

ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఎంబీ పక్కన ఉండే బైట్ల సంఖ్యను కూడా రాయండి. దాని కిందనే సైజ్ ఆన్ డిస్క్ అని మరో సంఖ్య ఉంటుంది. అది డిస్కు మీద ఆక్రమించిన గదుల లెక్క, అది మనకు వద్దు.

చంద్రగిరి కోట · చంద్రగిరి · సోమవారం, రాత్రి 9:05

నాకూ ఇదే సమస్య ఉంది. మా అమ్మాయి ఆదాయ ధ్రువపత్రాన్ని పీడీఎఫ్‌గా డౌన్‌లోడు చేసుకున్నాము. అందులో కింద సంతకం ఉన్న చోట పసుపు రంగు ప్రశ్నార్థకం, దాని పక్కన వ్యాలిడిటీ అన్‌నోన్ అని కనిపిస్తోంది. కళాశాల వారు ఆకుపచ్చ టిక్కు ఉండాలంటున్నారు. చెక్‌సమ్ సరిచేస్తే ఆ ప్రశ్నార్థకం పోతుందా?

బైట్లలెక్క · చిత్తూరు · సోమవారం, రాత్రి 9:30

పోదండీ, అది వేరే విషయం. మీ పత్రంలో ఉన్నది డిజిటల్ సంతకం. సంతకం చేసిన అధికారికి ఆ సర్టిఫికెట్టు ఇచ్చిన సంస్థను మీ కంప్యూటరులోని పీడీఎఫ్ రీడరు ఇంకా నమ్మకమైన వారి జాబితాలో చేర్చుకోలేదు, అందుకే ప్రశ్నార్థకం. పత్రం చెడిపోయిందని దాని అర్థం కాదు. సంతకం మీద కుడి క్లిక్ చేస్తే సర్టిఫికెట్టు వివరాలు వస్తాయి, అక్కడ దాని మూల సంస్థను నమ్మినట్లు నమోదు చేయాలి. ఒక్క జాగ్రత్త: ఆ పత్రాన్ని ప్రింట్ ఇచ్చి మళ్ళీ పీడీఎఫ్‌గా సేవ్ చేయకండి. అలా చేస్తే సంతకం పోయి, దాని బొమ్మ మాత్రమే మిగులుతుంది.

అచ్చుగది · తిరుపతి · మంగళవారం, ఉదయం 9:40

బైట్లలెక్క గారూ, మీరు చెప్పినట్లే చేశాను. ఇప్పుడు 64 అక్షరాలు వచ్చాయి గానీ పోలిక `False` అనే వచ్చింది. సైటులోది 7c1e తో మొదలవుతోంది, నాది b803 తో. చివరి అక్షరాలూ వేరే. బైట్ల సంఖ్య 48,225,449.

ఇంకో మాట. ఆదివారం ఇంట్లో ఉండగా ఇదే ఫైలును ఫోనులో కూడా దించుకున్నాను. దానిని పెన్‌డ్రైవులో వేసి చూస్తే 31,457,280 బైట్లు ఉంది. అది కూడా తెరుచుకుంటోంది! దాని చెక్‌సమ్ మూడో రకంగా ఉంది. ఒకే ఫైలు, మూడు వరుసలు. ఏది నమ్మాలో తెలియక తల పట్టుకున్నాను.

పలమనేరు మాస్టారు · పలమనేరు · మంగళవారం, ఉదయం 10:15

ఫోనులోది ఎటూ చిన్నది, దానిని పక్కన పెట్టండి. కంప్యూటరులోది పెద్దది కనుక అందులో ఏదీ లోపించి ఉండదు. సైటు వారే వరుసను తప్పుగా ఎక్కించి ఉంటారని నా అభిప్రాయం.

బైట్లలెక్క · చిత్తూరు · మంగళవారం, ఉదయం 11:30

మాస్టారు గారూ, అలా జరగడం కద్దు. దిద్దిన ఫైలును మళ్ళీ ఎక్కించి, పాత చెక్‌సమ్‌ను మార్చడం మరిచిపోయే వారు చాలామందే ఉన్నారు. కానీ ఇక్కడ అలా అనుకునే ముందు ఆ రెండు సంఖ్యలను కొంచెం తీరికగా చూడాలి.

31,457,280ని 1024తో భాగించండి, మళ్ళీ 1024తో భాగించండి. సరిగ్గా 30 వస్తుంది, శేషం లేదు. ఒక సంచిక పీడీఎఫ్ తనంతట తాను ఇంత గుండ్రని సంఖ్య దగ్గర ఆగడం దాదాపు జరగదు. డౌన్‌లోడు చేసే యాప్ వచ్చిన దత్తాంశాన్ని గంపలు గంపలుగా నింపి డిస్కు మీద కుమ్మరిస్తుంది; ఏదో ఒక గంప కుమ్మరించాక లైను తెగిపోతే ఫైలు ఇలా గుండ్రంగా ముగుస్తుంది. అంటే మీ ఫోనులోది మూడింట రెండు వంతుల దగ్గర తెగిన ఫైలు.

మరి తెగినది ఎలా తెరుచుకుంది? పీడీఎఫ్‌లో ఏ వస్తువు ఏ బైటు దగ్గర ఉందో చెప్పే పట్టిక మామూలుగా ఫైలు చివర ఉంటుంది. అది పోతే రీడరు చేతులెత్తేయాలి. కానీ చాలా రీడర్లు అలా చేయవు. ఫైలును మొదటి నుంచి తడుముకుంటూ దొరికిన వస్తువులతో తమకు తామే పట్టిక కట్టుకుని, మనకు ఒక్క మాట కూడా చెప్పకుండా తెరుస్తాయి. వెబ్‌లో త్వరగా కనిపించడానికి సిద్ధం చేసిన పీడీఎఫ్ అయితే మొదటి పేజీకి కావలసినదంతా ముందే పేర్చి ఉంటుంది కనుక, ఆరంభం ఇంకా నిండుగా కనిపిస్తుంది. చదివేవారికి ఇది ఉపకారమే. ప్లేటు వేసేవారికి మాత్రం గుంట మీద పరిచిన చాప. ఫోను ఫైలులో 160వ పేజీ తరువాత ఒకసారి తిప్పి చూడండి.

ఇప్పుడు పెద్ద ఫైలు. సంస్థ వారికి ఫోను చేసి, ఎంబీలలో కాకుండా బైట్లలో వాళ్ళ దగ్గరున్న ఫైలు పరిమాణం అడగండి. అంతవరకు ప్లేటు జోలికి పోవద్దు.

కాళహస్తి విద్యార్థిని · శ్రీకాళహస్తి · మంగళవారం, మధ్యాహ్నం 1:05

నా అనుభవం కూడా చెబుతాను. మా హాస్టలు వైఫైలో ఒక పాఠ్య పీడీఎఫ్ దించుకుంటే 3 కేబీ వచ్చింది, అసలు తెరుచుకోలేదు. నాలుగుసార్లు దించినా అంతే. చెక్‌సమ్ నాలుగుసార్లూ ఒకటే వచ్చింది కాబట్టి ఫైలు సరైనదేనని, నా రీడరుదే తప్పని అనుకుని రెండు రీడర్లు మార్చాను. చివరికి నోట్‌ప్యాడులో తెరిచి చూస్తే మొదటి వరుసలోనే `<!DOCTYPE html>` అని ఉంది. అది వైఫై లాగిన్ పేజీ! నా లాగిన్ గడువు తీరిపోయిన సంగతి నాకు తెలియలేదు. దాని మీద పీడీఎఫ్ అని పేరు మాత్రమే పడింది. నిజమైన పీడీఎఫ్ అయితే మొదట్లో `%PDF-` అని ఉంటుందని అప్పుడే తెలిసింది.

బైట్లలెక్క · చిత్తూరు · మంగళవారం, మధ్యాహ్నం 1:25

మంచి ఉదాహరణ. నాలుగుసార్లు ఒకటే చెక్‌సమ్ రావడం వల్ల తేలింది నాలుగుసార్లూ ఒకే వస్తువు వచ్చిందని మాత్రమే. అది మీకు కావలసిన వస్తువా కాదా అన్నది పంపినవారి వరుసతో పోలిస్తేనే తెలుస్తుంది. మరో చిన్న గుర్తు: ఎప్పుడైనా ఎస్‌హెచ్‌ఏ-256 ఫలితం e3b0c442 తో మొదలైతే ఫైలు ఖాళీ అన్నమాట. సున్నా బైట్ల ఫైలు ఎవరి కంప్యూటరులోనైనా అదే ఫలితాన్ని ఇస్తుంది.

అచ్చుగది · తిరుపతి · మంగళవారం, మధ్యాహ్నం 3:50

ఫోను ఫైలు తిప్పి చూశాను. 158వ పేజీ వరకు బాగుంది. 159లో శీర్షిక ఉంది, ఫొటో లేదు. ఆ తరువాత వరుసగా తెల్ల పేజీలు. ఆదివారం నేను పది పదిహేను పేజీలు తిప్పి, బాగుందిలే అనుకుని మూసేశాను. ఇది తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది.

సంస్థ వారికి ఫోను చేశాను. వారి దగ్గర ఉన్నది 48,213,607 బైట్లు. అంటే నా కంప్యూటరులోది వాళ్ళ దానికన్నా 11,842 బైట్లు ఎక్కువ! డౌన్‌లోడులో తగ్గడం అర్థమవుతుంది, పెరగడం ఏమిటి? ఎంబీలలో చూస్తే రెండూ 45.9 అనే కనిపిస్తున్నాయి, అందువల్ల ఈ తేడా నా కంటికి ఆనలేదు.

సందేహి · చిత్తూరు · మంగళవారం, సాయంత్రం 4:30

పెరిగిందంటే ఎవరో దారిలో ఏదో చేర్చారని అర్థం. వైరస్ అయి ఉండవచ్చు. ఆ ఫైలును తుడిచేసి, కంప్యూటరును స్కాన్ చేయించండి.

బైట్లలెక్క · చిత్తూరు · మంగళవారం, సాయంత్రం 5:15

తుడిచేయకండి, ఆ ఫైలే మనకు సాక్షి.

అచ్చుగది గారూ, డౌన్‌లోడు చేశాక ఆ ఫైలును మీ దగ్గర ఎవరైనా పీడీఎఫ్ ఎడిటరులో తెరిచారా? తెరిచి, పేజీ మీద చిన్న గమనిక పెట్టడం గానీ, పేజీ తిప్పడం గానీ చేసి, కంట్రోల్ ఎస్ నొక్కారా? పీడీఎఫ్‌లో సేవ్ చేయడం రెండు రకాలు. ఒకటి, ఫైలు మొత్తాన్ని కొత్తగా రాయడం. రెండోది, పాత బైట్లను ముట్టుకోకుండా, మారిన వస్తువులను, వాటికి కొత్త పట్టికను ఫైలు తోకకు తగిలించడం. చాలా ఎడిటర్లు మామూలు సేవ్‌కు ఈ రెండో దారినే పడతాయి, ఎందుకంటే పెద్ద ఫైలులో అదే త్వరగా అవుతుంది. అదే జరిగి ఉంటే మీ ఫైలులోని మొదటి 48,213,607 బైట్లు సంస్థ వారి ఫైలుతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

ఇది ఊహగా వదిలేయనక్కరలేదు, పరీక్షించవచ్చు. పవర్‌షెల్‌లో ఫైలుకు ఒక నకలు తీసి, ఆ నకలును సరిగ్గా అంత పొడవుకు కోసి, దాని చెక్‌సమ్ తీయండి. అసలు ఫైలు మీద మాత్రం ఈ కోత పెట్టకండి.

```
Copy-Item D:\pani\sanchika.pdf D:\pani\nakalu.pdf
$f = [IO.File]::OpenWrite("D:\pani\nakalu.pdf")
$f.SetLength(48213607)
$f.Close()
(Get-FileHash D:\pani\nakalu.pdf).Hash
```

ఫలితం 7c1e తో మొదలైతే మీ డౌన్‌లోడు నిక్షేపంలాంటిది, మార్పు మీ గదిలోనే జరిగిందన్నమాట. తోకలో ఏముందో కూడా చూడాలనిపిస్తే అసలు ఫైలు మీద ఇది ఇవ్వండి. కొంత చెత్తగా కనిపించినా మధ్యలో చదవగలిగిన మాటలు ఉంటాయి.

```
Get-Content D:\pani\sanchika.pdf -Tail 40
```

అచ్చుగది · తిరుపతి · మంగళవారం, రాత్రి 7:35

కలిసింది! నకలును కోశాక వచ్చిన వరుసను సైటులోని వరుసతో పోల్పిస్తే `True` అని వచ్చింది. నమ్మలేక మూడుసార్లు చేశాను.

తోక కూడా చూశాను. అర్థం కాని గుర్తుల మధ్య ఈ రెండు వరుసలు స్పష్టంగా కనిపించాయి.

```
/Subtype /Text /T (SYS2)
/M (D:20250714171832+05'30')
```

SYS2 అన్నది మా పేజీ మేకప్ చేసే అబ్బాయి కూర్చునే కంప్యూటరు పేరు. జూలై 14, సాయంత్రం 5 గంటల 18 నిమిషాలు, మన దేశ కాలమానం. అంటే నేను ఇక్కడ మొదటి ప్రశ్న రాయడానికి సుమారు గంట ముందు. పిలిచి అడిగితే, 37వ పేజీలో ఫొటో కొంచెం నల్లగా ఉందని గుర్తు పెట్టుకోవడానికి పసుపు చీటీ అంటించి సేవ్ చేశానని చెప్పాడు. పాపం, తన పని తాను చేశాడు. సర్వరు ఫోల్డరులో ఉన్నది ఒకే ఫైలు కావడమే మా తప్పు.

పలమనేరు మాస్టారు · పలమనేరు · మంగళవారం, రాత్రి 8:00

భేష్. ఒక్క బైటు పోతే తెరుచుకోదన్న నా మాటను వెనక్కు తీసుకుంటున్నాను. అయితే ఒక సౌకర్యం చెబుతాను: 64 అక్షరాలూ పోల్చనక్కరలేదు, మొదటి నాలుగు, చివరి నాలుగు కలిస్తే చాలు. బ్యాంకు ఖాతా సంఖ్యను మనం అలాగే సరిచూసుకుంటాము కదా.

సందేహి · చిత్తూరు · మంగళవారం, రాత్రి 8:40

వైరస్ కాదని తేలింది, సంతోషం. కానీ నా అసలు సందేహం అలాగే ఉంది. ఫైలూ, చెక్‌సమూ ఒకే పేజీలో ఉన్నాయి. ఆ సైటులోకి చొరబడినవాడు ఫైలును మార్చగలిగితే పక్కనే ఉన్న వరుసను కూడా మార్చగలడు. తాళం, తాళంచెవి ఒకే మేకుకు తగిలించినట్లు. అటువంటి చెక్‌సమ్‌తో కలిసిందని మురిసిపోవడంలో అర్థం ఏమిటి? పైగా ఎస్‌హెచ్‌ఏ పద్ధతినే ఛేదించారని, రెండు వేర్వేరు పీడీఎఫ్‌లకు ఒకే చెక్‌సమ్ తెప్పించారని చదివాను.

బైట్లలెక్క · చిత్తూరు · మంగళవారం, రాత్రి 10:10

రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే: మనం భయపడుతున్నది ప్రమాదానికా, మనిషికా?

మాస్టారు గారి ఎనిమిది అక్షరాలు తీసుకుందాం. ఒక్కో అక్షరం పదహారు రకాలలో ఒకటి, కనుక ఎనిమిదింటికి 4,294,967,296 రకాలు. లైను తెగో, పెన్‌డ్రైవు పాడయ్యో మారిన ఫైలుకు ఆ ఎనిమిదీ అనుకోకుండా కలిసే అవకాశం నాలుగు వందల కోట్లలో ఒకటి కన్నా తక్కువ. ప్రమాదానికి అది చాలు. కానీ కావాలని మార్చేవాడు తన ఫైలు చివర పనికిరాని బైట్లను మారుస్తూ, ఎనిమిదీ కలిసేదాకా కంప్యూటరు చేత ప్రయత్నింపజేయగలడు. నాలుగు వందల కోట్ల ప్రయత్నాలు నేటి యంత్రానికి పెద్ద బరువు కాదు. 64 అక్షరాలూ కలిపించడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. యంత్రమే పోల్చి `True` అని చెబుతున్నప్పుడు ఎనిమిదితో సరిపెట్టుకోవడం ఎందుకు?

సందేహి గారు చదివింది ఎస్‌హెచ్‌ఏ-1 సంగతి. 2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు, గూగుల్ వారు కలిసి రెండు వేర్వేరు పీడీఎఫ్‌లకు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 ఫలితం వచ్చేలా చేసి చూపించారు. ఎస్‌హెచ్‌ఏ-256కు అటువంటిది ఇంతవరకు ఎవరూ చూపలేదు. కనుక ఎవరైనా 40 అక్షరాల వరుసను ప్రచురిస్తే, ప్రమాదం వరకు పనికివస్తుందని అనుకోండి, మోసగాడి విషయంలో ఆధారపడకండి.

ఒకే పేజీ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అక్కడి చెక్‌సమ్ సైటు నుంచి మీ డిస్కు వరకు జరిగిన ప్రయాణానికే పూచీ పడుతుంది, సైటుకు పడదు. అచ్చుగది గారికి వచ్చిన ఇబ్బంది ఆ ప్రయాణంలోదీ, ఆ తరువాతదీ కనుక వారికి అది ఉపయోగపడింది. సైటు మీద కూడా అనుమానం ఉంటే వరుస వేరే దారిలో రావాలి: వాట్సాప్‌లో తెలిసిన నంబరు నుంచి, అచ్చు ఉత్తరం మీద, లేదా ఫోనులో నోటితో.

సందేహి · చిత్తూరు · మంగళవారం, రాత్రి 10:35

ఫోనులో నోటితో 64 అక్షరాలా! బి అంటే డి అని, డి అంటే ఈ అని వినిపిస్తుంది. అలా అప్పజెప్పించుకున్న వరుసను నేనైతే నమ్మను.

అచ్చుగది · తిరుపతి · బుధవారం, ఉదయం 8:50

మీరిద్దరూ వాదించుకుంటుండగా నేను ఆ పని చేసేశాను. సంస్థలో ఈ పని చూసే ఆవిడకు ఫోను చేసి, తన కంప్యూటరులోని ఫైలుకు అప్పటికప్పుడు చెక్‌సమ్ తీయించి, నాలుగేసి అక్షరాల చొప్పున పదహారు గుంపులుగా చదవమన్నాను. ఏకి అనంతపురం, బికి బెంగళూరు, సికి చిత్తూరు, డికి ధర్మవరం, ఈకి ఏలూరు అనుకున్నాము. ఎఫ్‌కు మాత్రం ఇద్దరికీ ఊరు తట్టక ఫ్యాన్‌తో సరిపెట్టుకున్నాము. మూడు నిమిషాలు పట్టింది. తొమ్మిదో గుంపులో నేను 8 అని విన్నది నిజానికి ఏ అట. ఇంగ్లీషు ఎయిట్, ఏ నా చెవికి ఒకటిగానే వినబడ్డాయి. మళ్ళీ అనంతపురం అని చెప్పించుకుంటే కలిసింది. సైటులోని వరుస, ఆవిడ చదివినది, నా నకలుది మూడూ ఒకటే.

కాళహస్తి విద్యార్థిని · శ్రీకాళహస్తి · బుధవారం, ఉదయం 9:20

ఒక సందేహం. మా గ్రంథాలయ సైటు నుంచి ఏ పీడీఎఫ్ దించుకున్నా ప్రతి పేజీ అడుగున నా ప్రవేశ సంఖ్య, తేదీ పడి వస్తున్నాయి. నా స్నేహితురాలు దించుకున్న అదే పుస్తకానికి చెక్‌సమ్ వేరుగా ఉంది. అక్కడ ప్రచురించిన చెక్‌సమ్‌తో మా ఇద్దరిదీ కలవదు. అటువంటప్పుడు ఏం చేయాలి?

బైట్లలెక్క · చిత్తూరు · బుధవారం, ఉదయం 9:45

ఏమీ చేయలేరు. ఒక్కొక్కరికీ అప్పటికప్పుడు ముద్ర వేసి ఇచ్చే సైటులో, ముద్ర పడకముందు తీసిన చెక్‌సమ్ ఎవరి ఫైలుకూ కలవదు. దానిని ప్రచురించడమే ఆ సైటు వారి పొరపాటు. ఆ ఫైలుకు డిజిటల్ సంతకం ఉంటే అది వేరే దారి, లేకపోతే పుట తరువాత పుట తిప్పి చూసుకోవడమే.

అచ్చుగది గారూ, కోసిన నకలుతోనే ప్లేట్లు వేయకుండా మళ్ళీ ఒకసారి తాజాగా దించుకోండి. నకలు బైట్లు సరైనవే, సందేహం లేదు, అయితే రేపు ఎవరైనా అడిగితే సైటు నుంచి దించిన ఫైలు అని చెప్పడం తేలిక. దించాక దాని గుణాలలో రీడ్ ఓన్లీ అన్న గడిలో టిక్కు పెట్టండి. మీ అబ్బాయి చీటీ అంటించాలంటే వేరే పేరుతో సేవ్ చేయమని ఎడిటరే అడుగుతుంది.

అచ్చుగది · తిరుపతి · బుధవారం, ఉదయం 11:15

తాజాగా దించాను. 48,213,607 బైట్లు, `True`. రీడ్ ఓన్లీ పెట్టి, చెక్‌సమ్ వరుసను అచ్చు తీసి జాబ్ కార్డుకు పిన్ను చేశాను.

ఇప్పుడు మరో చిక్కు. ఈ పీడీఎఫ్ నేరుగా ప్లేటుకు పోదు. పదహారు పేజీలను ఒక ఫారంగా పేర్చి ఇంపోజిషన్ చేస్తాము, అప్పుడు కొత్త పీడీఎఫ్ పుడుతుంది. ప్లేట్లు వేసే చోటు మాది కాదు, అక్కడికి ఆ కొత్త ఫైలు పెన్‌డ్రైవులో వెళుతుంది. సంస్థ వారి చెక్‌సమ్ దానికి వర్తించదు కదా?

బైట్లలెక్క · చిత్తూరు · బుధవారం, ఉదయం 11:40

వర్తించదు. ఆ ఫైలుకు పంపేవారు మీరే కనుక చెక్‌సమ్ మీరే తీయాలి, ప్లేట్ల వారు దానితో పోల్చుకోవాలి. ఇంపోజిషన్ అయిన వెంటనే, పెన్‌డ్రైవులోకి ఎక్కించక ముందే తీయండి. ఎక్కించాక పెన్‌డ్రైవు నుంచి తీస్తే, ఎక్కించడంలో వచ్చిన తప్పుకు కూడా మీరే ముద్ర వేసినట్లవుతుంది. ఇక పేజీలు సరైన వరుసలో పేర్చారా, 37వ పేజీ ఫొటో నల్లగా ఉందా అన్నవి చెక్‌సమ్ చెప్పగలిగినవి కావు. అవి మీ కళ్ళతోనే చూడాలి.

సందేహి · చిత్తూరు · బుధవారం, మధ్యాహ్నం 12:05

ఫైలూ వరుసా ఒకే పేజీలో పెట్టకూడదన్న నా మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను. సంస్థ వారికి ఆ సంగతి ఎవరైనా చెప్పారా?

అచ్చుగది · తిరుపతి · బుధవారం, మధ్యాహ్నం 12:50

చెప్పాను. తరువాతి సంచికకు వరుసను వర్క్ ఆర్డరు కాగితం మీద కూడా వేస్తామన్నారు, సైటులోది తీయబోమన్నారు. 37వ పేజీ ఫొటో విషయం అడిగితే కొత్తది పంపిస్తామంటున్నారు. అంటే కొత్త ఫైలు, కొత్త వరుస. ప్లేట్లు రేపటికి వాయిదా.